టెంప్లేట్‌లో పసుపు, ఆటలో ఇటుక ఎరుపు: అసెట్టో కోర్సా కారు స్కిన్ విషయంలో సహాయం కావాలి

గోదావరి_గేరు

అందరికీ నమస్కారం. నేను పీసీలో అసెట్టో కోర్సా ఆడుతుంటాను. కునోస్ సిములాజియోని వారు 2014లో విడుదల చేసిన మొదటి ఆట గురించే అడుగుతున్నాను, తరువాత వచ్చిన కాంపిటిజియోనె గురించి కాదు. అందులో ఒక టూరింగ్ కారు మోడ్‌ను దించుకున్నాను. దాన్ని తయారుచేసినవారు కారుతోపాటు 4096 పిక్సెళ్ల చదరపు పీఎస్‌డీ టెంప్లేట్‌ను కూడా ఇచ్చారు. ఎవరి కారుకు వారు రంగు వేసుకోవచ్చని, అయితే మోడల్ ఫైలును మాత్రం తిరిగి పంచవద్దని రాశారు.

మోడ్‌తో వచ్చిన ఎరుపు స్కిన్ ఫోల్డర్‌ను కాపీ చేసి, పేరు మార్చి, టెంప్లేట్‌ను ఫోటోషాప్‌లో తెరిచి బాడీ మొత్తానికి పసుపుకొమ్ము రంగు వేశాను. ఆర్‌జీబీ విలువలు 240, 190, 20. తీగల గీతలున్న లేయర్‌ను ఆపి, ఇంటెల్ ప్లగిన్‌తో ఆల్ఫా ఉన్న పద్ధతిలో `body.dds`గా భద్రపరిచాను. ఆటలో చూస్తే కారు పసుపుగా లేదు, ముదురు ఇటుక ఎరుపులో ఉంది. పాత స్కిన్‌లోని ఎరుపు కూడా ఇది కాదు, దానికంటే నల్లగా ఉంది. తలుపు మీద రాసిన అక్షరాలు మాత్రం వాటి చోట వాటి ఆకారంలోనే కనిపిస్తున్నాయి కనుక, ఆట నా ఫైలునే చదువుతున్నదని అర్థమవుతోంది. ఫోల్డర్ ఇలా ఉంది:

```
content/cars/car_name/skins/godavari_27/
    body.dds
    body_maps.dds
    metal_detail.dds
    livery.png
    preview.jpg
    ui_skin.json
```

నేను ముట్టుకున్నది `body.dds` ఒక్కటే. రెండు రాత్రులుగా ఇదే పని మీద ఉన్నాను, పొరపాటు ఎక్కడుందో తెలియడం లేదు.

ఆటవిడుపు

ఇంత శ్రమ ఎందుకండీ? ఆటలోనే పెయింట్ విభాగంలోకి వెళ్లి, రంగు ఎంచుకుని, ఆకారాలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే సరిపోతుంది కదా. నేను ఫోర్జాలో అలాగే చేస్తాను. కావలసిన చోటికి జరిపి, తిప్పి, అతికించడమే. ఫైళ్ల జోలికి ఎప్పుడూ వెళ్లలేదు.

గోదావరి_గేరు

ఆటవిడుపు గారూ, మీరు చెప్పినది ఫోర్జాకు సరిపోతుంది. ఈ ఆటలో అటువంటి ఎడిటర్ లేదు. కారు మీద ఏ బొమ్మ రావాలన్నా టెక్స్చర్ ఫైలును బయట మార్చి తెచ్చి పెట్టవలసిందే.

మూడో_మలుపు

ఇది ఏఓ లేయర్ చేస్తున్న పని అని నా అభిప్రాయం. మీ టెంప్లేట్‌లో అన్నిటికంటే పైన, సందుల్లోనూ అంచుల కిందనూ నీడ చూపించే బూడిద రంగు లేయర్ ఒకటి ఉంటుంది. అది కింద ఉన్న రంగుతో గుణించబడుతుంది, అందువల్ల రంగు నల్లబడుతుంది. దాన్ని ఆపి ఎగుమతి చేసి చూడండి, పసుపు వస్తుంది. నా కార్లన్నిటికీ నేను చేసే మొదటి పని అదే.

గోదావరి_గేరు

చేసి చూశాను. ఎరుపు అలాగే ఉంది, పైగా తలుపుల సందుల్లో ఉన్న నీడ పోయి కారంతా ప్లాస్టిక్ బొమ్మలాగా చదునుగా కనిపిస్తోంది.

రంగులడబ్బా

ఆ లేయర్‌ను తిరిగి పెట్టుకోండి. మూడో_మలుపు గారు గుణకారం జరుగుతోందని పట్టుకున్నారు, అది నిజమే. అయితే గుణకారం జరుగుతున్నది మీ టెంప్లేట్‌లో కాదు, ఆటలో. ఏఓ లేయర్ బూడిద రంగుది కనుక పసుపును ముదురు పసుపుగా మార్చగలదు తప్ప ఎరుపుగా మార్చలేదు. రంగు మారిందంటే ఇంకొక రంగుతోనే గుణించబడిందన్నమాట.

కంటెంట్ మేనేజర్‌లో కస్టమ్ షోరూమ్ తెరిచి, కారు బాడీ మీద నొక్కండి. ఆ భాగానికి వాడిన షేడర్ పేరు, దాని కింద టెక్స్చర్ల జాబితా వస్తాయి. మీరు మార్చిన `body.dds` అక్కడ `txDiffuse` ఎదురుగా ఉంటుంది. దాని కింద `txDetail` ఎదురుగా `metal_detail.dds` ఉంటుందని అనుకుంటున్నాను. ఉంటే, `useDetail` విలువ 1 అని ఉందో లేదో కూడా చూసి చెప్పండి.

గోదావరి_గేరు

షేడర్ పేరు `ksPerPixelMultiMap_damage_dirt`. మీరు చెప్పినట్టే `txDetail` ఎదురుగా `metal_detail.dds` ఉంది, `useDetail` కూడా 1 అనే ఉంది.

రంగులడబ్బా

అయితే విషయం తేలిపోయింది. మీ ఫోల్డర్‌లో ఉన్న `metal_detail.dds`ను తెరిచి చూడండి. అది చిన్న చదరపు బొమ్మ, మెటాలిక్ రంగులోని మెరుపు రేణువులు అందులో ఉంటాయి. ఆట దాన్ని కారంతటా పలకల్లాగా పరుస్తుంది. మీరు ఎరుపు స్కిన్‌ను కాపీ చేశారు కనుక అది ఎర్రగానే ఉంటుంది. ఎన్నో కార్లలో అసలు రంగు ఈ చిన్న ఫైలులోనే ఉంటుంది, పెద్ద ఫైలులో దాదాపు తెలుపు మీద నీడలు మాత్రమే ఉంటాయి. కార్ఖానా రంగులు పది ఇవ్వాలంటే పెద్ద ఫైలును పదిసార్లు చేయకుండా చిన్న ఫైలును పదిసార్లు మారిస్తే చాలునని అలా పెడతారు.

ఈ చిన్న ఫైలు ఎక్కడ కనబడాలో, ఎక్కడ కనబడకూడదో నిర్ణయించేది `body.dds`లోని ఆల్ఫా ఛానల్. సాధారణంగా ఆల్ఫా అంటే పారదర్శకత అనుకుంటాం, కానీ ఈ షేడర్‌లో దాని పని అది కాదు. ఆల్ఫా నల్లగా ఉన్న చోట మీ రంగును `metal_detail` రంగుతో గుణిస్తుంది, తెల్లగా ఉన్న చోట మీ రంగును ఉన్నదున్నట్టు చూపిస్తుంది, మధ్యస్థంగా ఉన్న చోట రెండింటినీ ఆ పాళ్లలో కలుపుతుంది. మీ పీఎస్‌డీలో ఛానల్స్ పలకను తెరిస్తే కింద నాలుగోదిగా `Alpha 1` కనిపిస్తుంది. బాడీ ఉన్న చోటంతా అది నల్లగా ఉంటుంది. ఫోటోషాప్ తెర మీద దాని ప్రభావం ఏమీ ఉండదు కనుక మీకు పసుపే కనిపిస్తుంది, భద్రపరిచేటప్పుడు మాత్రం అది నిశ్శబ్దంగా ఫైలులోకి వెళ్లిపోతుంది.

మీ చిన్న ఫైలులోని ఎరుపు విలువలు ఎంతో చెబితే లెక్క వేసి చూపిస్తాను.

గోదావరి_గేరు

రేణువుల వల్ల అక్కడక్కడ మారుతోంది కాని, సగటున 150, 20, 20 దగ్గర ఉంది.

రంగులడబ్బా

అయితే చూడండి. 240ని 150తో గుణించి 255తో భాగిస్తే 141. 190ని 20తో గుణించి భాగిస్తే 15. 20ని 20తో గుణించి భాగిస్తే 2 కూడా నిండదు. అంటే 141, 15, 2. అదే మీరు చూస్తున్న ఇటుక ఎరుపు. పాత స్కిన్‌లో పెద్ద ఫైలు తెలుపు కనుక 150, 20, 20 యథాతథంగా వచ్చేది. అందుకే మీకు దానికంటే ముదురుగా తోచింది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. `metal_detail.dds`ను మీ ఫోల్డర్‌లోనుంచి తాత్కాలికంగా బయటికి తీసేయండి. స్కిన్ ఫోల్డర్‌లో ఫైలు లేకపోతే, అదే పేరుతో కారు మోడల్ ఫైలైన కేఎన్5 లోపల ఉన్న బొమ్మను ఆట తీసుకుంటుంది. కారు రంగు మారితే దోషం అక్కడే ఉన్నట్టు.

గోదావరి_గేరు

మారిందండీ! ఎరుపు పోయి బురద పట్టిన పసుపులాంటిది వచ్చింది. లోపలి బొమ్మ బహుశా వెండి రంగుది అయి ఉంటుంది. రెండు రాత్రులు తప్పు ఫైలులో వెతికాను. ఇప్పుడు ఆల్ఫాను పూర్తిగా తెల్లగా నింపేయాలా, లేక చిన్న ఫైలును మార్చాలా?

పాత_కార్బురేటర్

ఈ చర్చ చదివాక నా పాత సమస్య ఒకటి అర్థమైంది. నాకు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. నేను గింప్‌లో అన్ని లేయర్లనూ చదును చేసి, డీఎక్స్‌టీ1లో ఎగుమతి చేశాను. ఫైలు పరిమాణం సగమే కదా అని అది ఎంచుకున్నాను. రంగు నేను వేసినట్టే వచ్చింది, కానీ కారు ఎండలో నిలబెట్టినా మెరుపు రేణువులు లేవు, గోడకు వేసే రంగులాగా ఉంది. మోడ్ బాగాలేదని తిట్టుకుని వదిలేశాను.

రంగులడబ్బా

అవును, మీది ఇదే నాణేనికి బొరుసు. డీఎక్స్‌టీ1లో ఛాయలున్న ఆల్ఫాకు చోటు లేదు. ఆల్ఫా లేని ఫైలును ఆట అంతా తెలుపుగా భావిస్తుంది, దాంతో చిన్న ఫైలు ఎక్కడా కనబడదు. ఒకే కారణం, రెండు వ్యతిరేక లక్షణాలు.

గోదావరి_గేరు గారి ప్రశ్నకు వస్తే, నేనైతే రెండూ చేస్తాను. లోహం మీద వేసిన రంగుకు ఆల్ఫాను నల్లగానే ఉంచి, `metal_detail.dds`ను దాదాపు తెల్లగా మారుస్తాను. ఎరుపు బొమ్మలోని రంగును తీసేసి బూడిదగా మార్చి, లెవెల్స్‌తో పైకి జరిపి, విలువలు 235 నుంచి 255 మధ్య ఉండేలా చూసుకుంటే రేణువులు మిగులుతాయి, పసుపు పసుపుగానే ఉంటుంది. సగటు 245 అయితే రంగు నాలుగు శాతం తగ్గుతుంది, కంటికి తెలియదు. ఇక స్టిక్కర్లు, అంకెలు ఉన్న చోట ఆల్ఫాలో అదే ఆకారాన్ని తెల్లగా నింపుతాను. నిజమైన రేసు కారు మీద అంకె వినైల్ రేకుతో కత్తిరించి అతికిస్తారు, దానిలో మెటాలిక్ రేణువులు ఉండవు. ఈ ఒక్క తేడాతో స్టిక్కర్ రంగు మీద అతికించినట్టు కనిపిస్తుంది, లేకపోతే రంగులో కలిసిపోయినట్టు ఉంటుంది.

గింప్ వాడేవారికి ఒక హెచ్చరిక. అక్కడ ఆల్ఫా అంటే పారదర్శకతే కనుక, నల్ల ఆల్ఫా ఉన్న చోట తెర మీద గళ్లు మాత్రమే కనిపించి రంగు పోయినట్టు అనిపిస్తుంది. ముందు అన్ని లేయర్లనూ ఒక్కటిగా కలిపి, ఆ ఒక్క లేయర్‌కు మాస్క్ జోడించి, మాస్క్‌లో నలుపు తెలుపులు నింపి, చివరికి మాస్క్‌ను లేయర్‌కు వర్తింపజేసి వెంటనే ఎగుమతి చేయండి. మాస్క్ వర్తింపజేశాక మళ్లీ లేయర్లను కలిపితే కనబడని చోట ఉన్న రంగు నిజంగానే పోవచ్చు. అసలు ప్రతిని వేరుగా భద్రపరచుకోండి.

మూడో_మలుపు

నేను ఏఓ అని పొరబడినందుకు క్షమించండి. అయితే పాత_కార్బురేటర్ గారు డీఎక్స్‌టీ1 ఎంచుకోవడంలో తప్పు లేదు. 4096 ఫైలు డీఎక్స్‌టీ5లో చాలా పెద్దది అవుతుంది. రేణువులు అక్కరలేని సాదా రంగు కారుకు డీఎక్స్‌టీ1 సరిపోదా?

రంగులడబ్బా

సాదా రంగు కారుకు సరిపోతుంది, అందులో సందేహం లేదు. ఒక పిక్సెల్‌కు డీఎక్స్‌టీ5 ఒక బైటు, డీఎక్స్‌టీ1 అర బైటు తీసుకుంటాయి. 4096 చదరానికి డీఎక్స్‌టీ5లో 16 మెగాబైట్లు, దూరం నుంచి చూపడానికి సగం సగంగా కుదించి ఉంచే ప్రతులైన మిప్‌మ్యాప్‌లతో కలిపి 21 పైచిలుకు. డీఎక్స్‌టీ1లో అందులో సగం. కానీ కొందరు మోడ్ తయారీదారులు అదే ఆల్ఫాను ఇంకో పనికి కూడా వాడుకుంటారు కనుక, ఏ కారుకైనా ముందు అసలు ఫైలు ఏ పద్ధతిలో ఉందో చూసి దాన్నే అనుసరించడం మేలు.

సైన్‌బోర్డు_శీను

నేను విజయవాడలో ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు చేస్తాను. మా అబ్బాయి ఈ ఆట ఆడతాడు కనుక ఈ వేదిక చూస్తుంటాను. గోదావరి_గేరు గారు తలుపు మీద తెలుగులో రాశారా, ఇంగ్లీషులో రాశారా? తెలుగులో రాసి ఉంటే అక్షరాలు సరిగా వచ్చాయా అన్నది తెలుసుకోవాలని ఉంది.

గోదావరి_గేరు

శీను గారూ, మంచి ప్రశ్న అడిగారు. తలుపు మీద "గోదావరి" అని రాశాను, అది బాగానే వచ్చింది. వెనుక రెక్క మీద "రాజమహేంద్రవరం" అని రాస్తే మాత్రం "ద్ర"లోని రావత్తు ఊడి, దకారం మీద పొల్లుతో పక్కపక్కన పడింది. ఇంతకుముందే అడగవలసింది, రంగు గొడవలో పడి మరిచిపోయాను.

సైన్‌బోర్డు_శీను

"గోదావరి"లో ఒత్తులు లేవు కనుక బయటపడింది. మీ ఫోటోషాప్ తెలుగు అక్షరాలను కూర్చే పద్ధతిలో లేదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో `World-Ready Layout` ఎంచుకోండి. పాత వెర్షన్‌లలో అదే చోట `Middle Eastern and South Asian` అని ఉంటుంది. ప్రోగ్రామ్‌ను మూసి తెరిచి, ఆ అక్షరాలను చెరిపి కొత్తగా టైపు చేయండి, పాత లేయర్ తనంతట తాను మారకపోవచ్చు. మా వంటివాళ్లం అను ఫాంట్లలో కొడతాం కనుక మాకు ఈ ఇబ్బంది రాదు. అందులో ఒత్తు కూడా విడి అక్షరంగానే ఉంటుంది. అయితే మీరు ఫోనులో టైపు చేసిన తెలుగును తెచ్చి అందులో అతికిస్తే ఏమీ రాదు.

ఫాంటు విషయంలో ఇంకో మాట. కారు మీద సన్నని అక్షరం పెట్టకండి. రామభద్ర వంటి దిట్టమైన ఫాంటు అయితే దూరానికి నిలబడుతుంది. బోర్డు పనిలో మేము మొదట చూసేది ఒత్తు ఎంత మందంగా ఉంది అన్నదే. పెద్ద అక్షరం ఎలాగూ కనిపిస్తుంది.

రంగులడబ్బా

శీను గారు ఒత్తు గురించి చెప్పినది టెక్స్చర్‌కు కూడా అక్షరాలా వర్తిస్తుంది. గోదావరి_గేరు గారి టెంప్లేట్‌లో కారు పక్క భాగం ముందునుంచి వెనుకకు ఎన్ని పిక్సెళ్లు ఉంది?

గోదావరి_గేరు

దాదాపు 2400. కారు పొడవు 4.4 మీటర్లు అని వివరాలలో ఉంది.

రంగులడబ్బా

అయితే ఒక్కో పిక్సెల్ కారు మీద 1.8 మిల్లీమీటర్లు. డీఎక్స్‌టీ పద్ధతులు బొమ్మను నాలుగు పిక్సెళ్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో రెండు రంగులను, వాటి మధ్య ఛాయలు రెండింటిని మాత్రమే ఉంచుతాయి. అంటే కారు మీద ఏడు మిల్లీమీటర్ల గడిలో మూడు భిన్నమైన రంగులు కలిస్తే అవి ముద్ద అవుతాయి. పసుపు మీద నీలి అక్షరం, దాని చుట్టూ ఎర్ర అంచు పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది, అంచు మెట్లు మెట్లుగా, బురదగా కనిపిస్తుంది. రావత్తు గీత ఆరు పిక్సెళ్లు ఉంటే దగ్గరగా చూసినప్పుడు ఫరవాలేదు, కానీ కెమెరా వెనుకకు జరిగి ఆట రెండో మిప్‌మ్యాప్‌కు వెళ్లేసరికి అది పిక్సెల్‌న్నర అవుతుంది. కనీసం పన్నెండు పిక్సెళ్ల మందం ఉంచి, అంచు రంగు పెట్టవలసివస్తే దానికీ ఎనిమిదికి తక్కువ కాకుండా చూసుకోండి.

గోదావరి_గేరు

చిన్న ఫైలును తెల్లగా మార్చాను, స్టిక్కర్ల కింద ఆల్ఫా తెల్లగా నింపాను, ఒత్తు సరిచేశాను. ఎండలో కారు అచ్చం నేను అనుకున్న పసుపులో ఉంది, అంకె వేరుగా అతికించినట్టు నిలిచింది. షోరూమ్ తెరిచే ఉంచి ఫైలును భద్రపరిస్తే మార్పు వెంటనే కనబడుతోంది కాబట్టి పని కూడా వేగంగా సాగింది. అందరికీ ధన్యవాదాలు.

ఇక రెండు చిక్కులు మిగిలాయి. తలుపు కింద 120 పిక్సెళ్ల వెడల్పున తీసిన నీలి పట్టీ ముందు బంపర్ దగ్గరికి వచ్చేసరికి సన్నబడి, అతుకు దగ్గర మెట్టులా కనిపిస్తోంది. రెండోది, దూరంగా ఉన్నప్పుడు బానెట్ అంచుల వెంట తెల్లటి సన్న గీత మెరుస్తోంది, దగ్గరికి వస్తే పోతోంది.

ఆస్టిన్_అప్పారావు

నేను టెక్సాస్‌లో ఉంటాను, ఐరేసింగ్ ఆడతాను. అక్కడ `car_` తరువాత మన ఖాతా సంఖ్య పెట్టి టీజీఏ ఫైలుగా భద్రపరుస్తాం, ట్రాక్ మీద ఉండగానే కంట్రోల్, ఆర్ నొక్కితే కొత్త రంగు వచ్చేస్తుంది. మొదటిసారి నేను తీగల లేయర్‌ను ఆపడం మరిచిపోయి, సాలెగూడు పట్టిన కారుతో రేసు మొత్తం నడిపాను. ఆపమని ఆ లేయర్ గుంపు పేరులోనే రాసి ఉంటుంది, అయినా చూడలేదు. మీ తెల్ల గీత కూడా అటువంటి లేయర్ ఏదో మిగిలిపోవడం వల్లనే అనిపిస్తోంది.

రంగులడబ్బా

అప్పారావు గారూ, తీగల లేయర్ మిగిలి ఉంటే గీత దగ్గరలో ఇంకా స్పష్టంగా కనబడాలి. ఇక్కడ దగ్గరికి వస్తే పోతున్నది కనుక దోషం మిప్‌మ్యాప్‌లలో ఉంది. బానెట్ ముక్క బయటి హద్దు దగ్గర రంగును కచ్చితంగా ఆపేసి, ఆవల టెంప్లేట్ నేపథ్యాన్ని తెల్లగా వదిలేసి ఉంటారు. బొమ్మను సగానికి కుదించినప్పుడల్లా పక్కపక్క పిక్సెళ్ల సగటు తీస్తారు, ఆ సగటులోకి తెలుపు వచ్చి చేరుతుంది. పసుపును ముక్క హద్దు దాటి పదహారు పిక్సెళ్ల వరకు లాగండి. నాలుగుసార్లు సగం చేస్తే పదహారు ఒకటి అవుతుంది, అంటే బొమ్మను 256కు కుదించే దాకా తెలుపు లోపలికి రాదు. ఆపైన కారు అంత దూరాన ఎలాగూ చుక్కలాగానే ఉంటుంది. మిప్‌మ్యాప్‌లు లేకుండా భద్రపరిస్తే గీత పోతుందని కొందరు సలహా ఇస్తారు, అప్పుడు అక్షరాలన్నీ దూరంలో చీమలు పాకినట్టు మినుకుమంటాయి.

పట్టీ సంగతి వేరు. బంపర్ ముక్కను టెంప్లేట్‌లో తలుపు కంటే పెద్ద కొలతతో పరిచి ఉంటారు. తలుపు మీద 120 పిక్సెళ్లు అంటే 220 మిల్లీమీటర్లు. ఏ ముక్క ఏ కొలతలో ఉందో కనుక్కోవడానికి టెంప్లేట్ అంతటా వంద పిక్సెళ్ల గళ్లు గీసి, ప్రతి గడిలో ఒక సంఖ్య రాసి, దాన్నే ఒకసారి కారు మీద చూడండి. బంపర్ మీద గడి తలుపు గడి కంటే ఎంత చిన్నగా కనిపిస్తే, పట్టీని అంత పెద్దగా గీయాలి. అతుకు దగ్గర ఏ గడి ఏ గడికి ఆనుకుందో కూడా ఆ సంఖ్యలే చెబుతాయి.

గోదావరి_గేరు

గళ్ల పద్ధతి అద్భుతంగా పనిచేసింది. తలుపు మీద ఐదు గళ్లు ఉన్నంత పొడవులో బంపర్ మీద ఆరుకు పైగా పట్టాయి, అంటే బంపర్ మీద గడి ఐదింట నాలుగు వంతులే. పట్టీని 150 పిక్సెళ్లకు పెంచితే రెండూ కలిశాయి. హద్దులు దాటి రంగు లాగాక తెల్ల గీత కూడా పోయింది.

అయితే ఆ గళ్లలోనే కొత్త సంగతి బయటపడింది. కుడి అద్దం మీదా ఎడమ అద్దం మీదా ఒకే సంఖ్యలు ఉన్నాయి, ఎడమ వైపు తలకిందులు కాకుండా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. వెనుక బంపర్ రెండు సగాలదీ అదే పరిస్థితి. అక్కడ ఏమి రాసినా ఒక వైపు తిరగబడే వస్తుందా?

రంగులడబ్బా

వస్తుంది. ఆ రెండు భాగాలూ టెంప్లేట్‌లో ఒకే చోటును పంచుకుంటున్నాయి, రంగు వేసి దాన్ని విడదీయలేము. విడదీయాలంటే మోడల్‌నే మార్చాలి, అది మీకు ఇచ్చిన అనుమతిలో లేదు. పైగా మార్చిన మోడల్‌తో ఆన్‌లైన్ సర్వర్ల తనిఖీ దగ్గర ఇబ్బంది రావచ్చు. అక్కడ పట్టీలు, చుక్కలు వంటి తిరగబడినా తేడా తెలియని ఆకారాలే వేసుకోండి.

మూడో_మలుపు

తెలుగులో "ం" తిరగబడినా "ం"గానే ఉంటుంది కదా, అదొక్కటే వేసుకోండి.

సైన్‌బోర్డు_శీను

రామభద్రలో సున్నా నిండు గుండ్రం కాదండీ, కాస్త వంపు ఉంటుందేమో చూసి వేసుకోండి.

పాత_కార్బురేటర్

మా బృందంలో పద్నాలుగు మంది ఉన్నాం. అందరం మన సొంత లివరీలతో ఆడాలంటే ప్రతి ఒక్కరి దగ్గరా మిగతా అందరి ఫోల్డర్లూ ఉండాలా?

రంగులడబ్బా

ఉండాలి. ఆట స్కిన్లను ఒకరి నుంచి ఒకరికి పంపదు. ఎదుటివారి దగ్గర ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే వారికి మీ బొమ్మ కనబడదు. పద్నాలుగు కార్లకు 4096 డీఎక్స్‌టీ5లో దాదాపు 300 మెగాబైట్లు అవుతాయి. 2048కు తగ్గిస్తే 75 సరిపోతాయి, కానీ అప్పుడు ఒక్కో పిక్సెల్ 3.7 మిల్లీమీటర్లు అవుతుంది, శీను గారి ఒత్తులు మళ్లీ ప్రమాదంలో పడతాయి. ఫోల్డర్ పేరులో తెలుగు అక్షరాలు, ఖాళీలు పెట్టకండి. తెర మీద కనబడే పేరు `ui_skin.json`లో ఉంటుంది, అందులో మార్చుకోవచ్చు:

```
{
  "skinname": "Godavari 27",
  "drivername": "",
  "country": "India",
  "team": "",
  "number": "27",
  "priority": 0
}
```

ఇందులో ఒక్క కామా తప్పినా పేరు చదవదు. జాబితాలో కనిపించే చిన్న గుర్తు `livery.png`, 64 పిక్సెళ్ల చదరం. పాత స్కిన్‌ది మార్చకపోతే పసుపు కారు పక్కన ఎర్ర గుర్తే ఉండిపోతుంది.

పాత_కార్బురేటర్

300 మెగాబైట్లంటే మాలో ఇద్దరు మొబైల్ డేటా మీద ఆడతారు, వారు ఒప్పుకోరు. 2048లో చేసి, పేర్లను మాత్రం పెద్దగా రాయమని చెబుతాను.

మూడో_మలుపు

నా అనుభవంలో 2048లో పెద్ద అక్షరాల కంటే 4096లో చిన్న అక్షరాలే బాగుంటాయి. రేసులో ఎదుటి కారును చూసేది రెండు మూడు మీటర్ల దూరం నుంచే కదా.

రంగులడబ్బా

వెంబడిస్తున్నప్పుడు మీకు కనిపించేది వెనుక బంపర్, తలుపు కాదు. నేను 2048 వైపే ఉంటాను. దీని మీద మనం ఒప్పందానికి రాలేము.

గోదావరి_గేరు

చివరిగా ఒకటి. మబ్బు పట్టిన వాతావరణంలో అంకె ఉన్న తెల్ల గుండ్రం, పసుపు లోహం రెండూ ఒకేలా తళతళలాడుతున్నాయి. స్టిక్కర్ మెరుపు కాస్త తగ్గాలంటే `body_maps.dds` మార్చాలని ఎక్కడో చదివాను. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో దేన్ని తగ్గించాలి?

రంగులడబ్బా

ఎరుపు వెలుగు చుక్క బలం, ఆకుపచ్చ ఆ చుక్క ఎంత బిగువుగా ఉంటుందన్నది, నీలం పరిసరాల ప్రతిబింబం. మబ్బులో మీకు కనిపిస్తున్నది ఆకాశపు ప్రతిబింబం కనుక ముందు గుండ్రం ఉన్న చోట నీలాన్ని మాత్రమే సగానికి తగ్గించి చూడండి. మిగతా రెండింటినీ ఇప్పుడే ముట్టుకోకండి, ఏది ఏమి చేసిందో తెలియకుండా పోతుంది.